ఫిల్టర్ తీస్తే నా మొహం నాకే నచ్చడం లేదు

"అక్కా, నాకు 26 ఏళ్లు. ఊరు తణుకు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాలుగేళ్లుగా ఫోన్‌లో బ్యూటీ మోడ్ లేకుండా ఒక్క ఫోటో కూడా దిగలేదు. పెళ్ళి బయోడేటాకి కూడా అలాంటి సెల్ఫీనే పంపాం. మొన్న పెళ్ళిచూపుల్లో అబ్బాయి వాళ్ల పెద్దమ్మ 'ఫోటోలో ఇంకో అమ్మాయిలా ఉందే' అని అందరి ముందూ అనేసింది. ఆ రాత్రి ఫిల్టర్ తీసేసి ఫోటో దిగితే ముక్కు లావుగా, మొహం నల్లగా, ఒక పక్కకి వంకరగా కనిపించింది. నా అసలు మొహం ఇంతేనా? ఇప్పుడు బయోడేటాలో ఏ ఫోటో పెట్టాలి? అసలు ఎడిటింగే చేయకూడదా?"
— ఒక పాఠకురాలు

చెల్లీ,

పెద్దమ్మగారి మాట తర్వాత చూద్దాం. ముందు ఆ రాత్రి ఫోటో సంగతి తేలాలి. నువ్వు రాయకపోయినా అదెలా దిగుంటావో ఊహించగలను. భోజనాలయ్యాక, గదిలో, నెత్తి మీద ట్యూబ్‌లైటు, వెనక తెల్ల గోడ, చెయ్యి చాచి ముందు కెమెరాతో. అప్పటికే ఏడ్చి కూడా ఉంటావు. నేను ఇరవై ఏళ్లకు పైగా విజయవాడలో ఫోటో స్టూడియో నడిపాను. పెళ్ళి ఆల్బమ్‌ల ఎడిటింగ్ అంతా నా చేతి మీదుగానే వెళ్లేది. ఆ వెలుతురులో, అంత దగ్గర్నుంచి తీస్తే ఎంత అందగత్తెకైనా ముక్కు లావుగా, రంగు తక్కువగానే వస్తుంది. నువ్వు చెప్పిన మూడు లోపాలూ చాలావరకు కెమెరావి. ఒక్కొక్కటీ విడదీసి చెప్తాను, ఎందుకంటే ఫిల్టర్ అలవాటు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ముక్కు సంగతి. చెయ్యి చాచి దిగితే ఫోన్ నీ మొహానికి అడుగు, అడుగున్నర దూరంలో ఉంటుంది. ముక్కు కొన కెమెరాకి బాగా దగ్గరవుతుంది, చెవులేమో దానికి నాలుగైదు అంగుళాలు వెనక ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా పడుతుంది కాబట్టి ముక్కు ఉబ్బి, చెవులు దాక్కుంటాయి. అదే ఐదడుగుల దూరం నుంచి తీస్తే ఆ నాలుగైదు అంగుళాలు ఒక లెక్కలోకి రావు. 2018లో అమెరికాలో కొందరు డాక్టర్లు దీన్ని లెక్కకట్టారు. పన్నెండు అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసిన ఫోటోలో కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. వాళ్లకి ఈ లెక్క అవసరం ఎందుకు పడిందనుకున్నావు? ఫోన్‌లో సెల్ఫీ చూపించి, ముక్కు తగ్గించమని అడిగేవాళ్లు ఆపరేషన్ కోసం వస్తుంటే.

నలుపు సంగతి. కెమెరాకి గోడ ఏదో, మనిషి ఏదో మనకి తెలిసినట్టు తెలియదు. తన ముందున్న వెలుగంతా కలిపి మధ్యస్థంగా వచ్చేలా చూసుకుంటుంది. వెనక పెద్ద తెల్ల గోడో, వెలుగున్న కిటికీనో ఉంటే "అబ్బో, వెలుగెక్కువైంది" అనుకుని మొత్తం ఫోటోని తగ్గిస్తుంది. దాంతో గోడ బూడిద రంగులోకి వస్తుంది, చామనఛాయ మొహం నల్లబడుతుంది. ఇప్పటి ఫోన్లు మొహాన్ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి గానీ, ఎప్పుడూ సరిపోదు. పైగా ట్యూబ్‌లైటు నెత్తి మీద ఉంటే కనుబొమల నీడ కళ్ల కింద పడుతుంది. దాన్నే మనం నల్లటి వలయాలనుకుంటాం.

వంకర సంగతి అన్నిటికంటే చిత్రమైనది. నీకు తెలిసిన నీ మొహం అద్దంలోది, అంటే ఎడమ కుడి తారుమారైనది. సెల్ఫీ దిగేటప్పుడు తెర మీద కనిపించేది కూడా అద్దంలాగే ఉంటుంది. కానీ చాలా ఫోన్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని తిప్పేస్తాయి, వెనక కెమెరా అయితే ఎప్పుడూ అసలు వైపే తీస్తుంది. ఏ మనిషి మొహమూ రెండు పక్కలా ఒకేలా ఉండదు. అలవాటైన తేడా కంటికి ఆనదు, తిరగేసిన తేడా మాత్రం వెంటనే గుచ్చుకుంటుంది. 1977లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. అమ్మాయిలకి వాళ్ల ఫోటోనే రెండు రకాలుగా చూపిస్తే ఎక్కువమంది అద్దంలో కనిపించే రకాన్ని ఇష్టపడ్డారు, వాళ్ల స్నేహితులు మాత్రం అసలు వైపున్న ఫోటోనే బాగుందన్నారు. నీకు వంకరగా కనిపించిన ఆ మొహమే మీ అమ్మకి, నీ పక్కసీటు అమ్మాయికి రోజూ కనిపించే మొహం. వాళ్లకి అది వంకర కాదు.

ఇప్పుడు బ్యూటీ మోడ్ ఏం చేస్తుందో చూడు. ముందు కళ్లు, ముక్కు, పెదాలు, దవడ అంచుల మీద చుక్కలు పెట్టుకుని మొహం ఎక్కడుందో పట్టుకుంటుంది. ఆ చుక్కల్ని కదిలించి ముక్కుని, దవడని లోపలికి లాగుతుంది, కళ్లని పెద్దవి చేస్తుంది. చర్మం ఉన్నంత మేరా సన్న రంధ్రాలు, నూగు, చిన్న గీతలు అలికేస్తుంది. ఆపైన తెలుపు పెంచుతుంది. అంటే దగ్గర్నుంచి తీయడం వల్ల ఉబ్బిన ముక్కుని సరిచేస్తుంది, కానీ అక్కడితో ఆగదు. వెలుగు తగ్గడం వల్ల నల్లబడిన మొహాన్ని తేరుస్తుంది, అక్కడా ఆగదు. నీకు మాత్రం "ఫిల్టర్ పెడితేనే బాగుంటాను" అన్న ఒక్క సంగతే మిగులుతుంది. ఐదడుగులు వెనక్కి జరిగి, కిటికీ వైపు తిరిగి ఉంటే సగం పని అక్కడే తీరిపోయేదని నీకెవరూ చెప్పలేదు.

ఇంత మాత్రానికే మొహం మీద అసహ్యం పుట్టదు కదా అంటావేమో. పుట్టేది చూపు వల్ల. మన కంటికి "మామూలు మొహం" అంటే ఏమిటో స్థిరంగా ఉండదు, ఈమధ్య చూసిన మొహాలను బట్టి జరుగుతూ ఉంటుంది. 2003లో ఆస్ట్రేలియాలో గిలియన్ రోడ్స్ అనే శాస్త్రవేత్త బృందం కొందరికి కాసేపు మధ్యభాగం నొక్కేసినట్టున్న, లేదా ఉబ్బినట్టున్న మొహాలు చూపించింది. కొద్ది నిమిషాల్లోనే వాళ్లకి మామూలుగా తోచే మొహం, అందంగా తోచే మొహం, రెండూ ఆ వైపుకే జరిగాయి. అది ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోటోలు కొన్ని నిమిషాలు చూస్తే జరిగిన సంగతి. నువ్వు నాలుగేళ్లు, రోజూ, నీ మొహాన్నే అలా చూశావు. నీ కంటికి ఇప్పుడు "నేను" అంటే ఆ సన్న దవడ, ఆ నున్నటి చెంప. అసలు మొహం ఎదురైతే అది పాడైనట్టు తోస్తుంది. నీ మొహం ఏమీ మారలేదు, కొలబద్ద జరిగింది.

ఇంకో నష్టం కాస్త లోతుగా ఉంటుంది. ఫిల్టర్ ఫోటోకి "సూపర్‌గా ఉన్నావే" అని ఎవరన్నా అంటే ఆ మెచ్చుకోలు నీకు చేరదు. ఇది నేను కాదుగా అని లోపల నీకు తెలుసు. ఎవరన్నా ఏమన్నా అంటే మాత్రం అది నేరుగా తగులుతుంది, పెద్దమ్మగారి మాట తగిలినట్టు. అందుకే ఎన్ని లైకులొచ్చినా ధైర్యం పెరగదు, ఇంకాస్త ఎడిటింగ్ పెరుగుతుంది. రంగు విషయంలో ఇది మరీ ఘోరం. మన ఇళ్లలో "పిల్ల రంగు తక్కువ" అనే మాట ఎలాగూ ఉండనే ఉంది. ఆ మాటనే ఫోన్ రోజుకి పదిసార్లు నోరెత్తకుండా అంటోంది.

పెద్దమ్మగారు అందరి ముందూ అలా అనడం మర్యాద కాదు. కానీ ఆవిడ చెప్పిన విషయం అబద్ధం కాదు, నువ్వు కూడా అది ఒప్పుకోవాలి. ఆవిడ నిన్ను బాగోలేదనలేదు, ఫోటోకీ నీకూ పోలిక కుదరలేదంది. కాబట్టి మార్చాల్సింది ఫోటోని.

ఎడిటింగే వద్దని నేను అనను. అదే అన్నం పెట్టింది నాకు. కానీ ఒక దెబ్బ తిన్నాకే నాకు హద్దు తెలిసింది. ఒకసారి ఒక పెళ్ళికూతురి ఆల్బమ్‌లో మచ్చలు తీస్తూ తీస్తూ, పై పెదవి మీదున్న పుట్టుమచ్చ కూడా తీసేశాను. శుభ్రం చేశాననే అనుకున్నాను. ఆల్బమ్ తీసుకెళ్లిన మర్నాడే ఆ పిల్ల వెనక్కి తెచ్చింది. "మా నాన్న నన్ను ఆ మచ్చ పేరు పెట్టే పిలిచేవాడండీ, దీంట్లో నేను లేను" అంది. నలభై పేజీలు మళ్లీ ప్రింట్ వేయించాను, నా డబ్బుతో. అప్పటినుంచి ఒకటే లెక్క పెట్టుకున్నాను. రెండు వారాల్లో దానంతట అదే పోయేదైతే ఫోటోలోంచి తీయొచ్చు. మొటిమ, జిడ్డు మెరుపు, నిద్రలేక వాచిన కన్ను, చెదిరిన వెంట్రుక ఇలాంటివన్నమాట. రెండు వారాల తర్వాత కూడా ఉండేదైతే ముట్టుకోకూడదు. పుట్టుమచ్చ, ముక్కు, దవడ, పళ్ల వరస, నవ్వితే పడే గీత, చర్మం రంగు ఈ రెండో జాబితాలోవి. పాత మొటిమల గుంటలుంటే వాటి లోతు కొంచెం తగ్గించొచ్చు, మొత్తం పూడ్చేయకూడదు.

ఇప్పుడు బయోడేటా ఫోటోకి వద్దాం. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య, లేదా సాయంత్రం నాలుగు తర్వాత కిటికీ పక్కన రెండు మూడడుగుల దూరంలో నిలబడు. ఎండ నేరుగా మొహం మీద పడకూడదు, వెలుతురు మాత్రం పక్కనుంచో, ముందునుంచో రావాలి. గదిలో లైట్లన్నీ ఆపెయ్, పసుపు బల్బూ పగటి వెలుతురూ కలిస్తే సగం మొహం ఒక రంగు, సగం ఇంకో రంగు వస్తుంది. వెనక తెల్ల గోడ బదులు ముదురు రంగు తలుపో, కర్టెనో ఉంటే మేలు. ఫోన్ తమ్ముడికో, చెల్లికో ఇవ్వు. వెనక కెమెరాతో, నీ కళ్ల ఎత్తులో పట్టుకుని, ఐదారడుగుల దూరం నుంచి తీయమను. దగ్గరగా కావాలంటే 2x నొక్కమను, మనిషి మాత్రం దగ్గరికి రాకూడదు. తెర మీద నీ మొహం నొక్కితే వెలుగు మొహానికి తగ్గట్టు సర్దుకుంటుంది. తీసేముందు కెమెరాలో బ్యూటీ గుర్తు నొక్కి అన్ని మీటలూ సున్నాకి తెచ్చారో లేదో చూసుకోండి. కొన్ని ఫోన్లలో అది ముందు కెమెరాకి వేరుగా, వెనక కెమెరాకి వేరుగా ఉంటుంది. సున్నా పెట్టినా రాత్రి వెలుతురులో ఫోన్ తనంతట తాను చర్మాన్ని అలుకుతుంది, చీకట్లో వచ్చే గరుకుదనాన్ని పోగొట్టడానికి. పగలే తీయమనడానికి ఇదీ ఒక కారణం.

జడలో మల్లెపూలు పెట్టుకో. ఇది అలంకారానికి చెప్పడం లేదు, దాని పని చెప్తాను.

పదిహేను, ఇరవై ఫోటోలు తీయించుకుని ఆ రోజు చూడకు. మర్నాడు చూడు. రెండు ఎంచుకుని Snapseed లాంటి దాంట్లో తెరువు. నేను చెప్పేది దాని ప్రకారమే, వేరే యాప్‌లోనూ ఇలాంటి పేర్లే ఉంటాయి. మొదట White Balance. దాంట్లో రంగు పట్టుకునే పిప్పెట్ గుర్తు ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి మల్లెపూల మీద పెట్టు. మల్లె తెలుపు కాబట్టి, అది తెల్లగా కనిపించేలా ఫోటో మొత్తం సర్దుకుంటుంది, దాంతో నీ రంగు కూడా అసలు రంగుకి వస్తుంది. పసుపుగానో, నీలంగానో కమ్మిన పొర పోతుంది. రంగు విషయంలో చేయాల్సిందంతా ఇదే. మొహం ఒక్కదాన్నే తెలుపు చేస్తే మెడ, చేతులు పట్టిస్తాయి. నిజానికి ఎక్కువ ఎడిట్ చేసిన ఫోటోని కనిపెట్టడానికి నేను ముందు చూసేది మెడనే. ఆ తర్వాత చెవి చూస్తాను, ఫిల్టర్లు చాలాసార్లు చెవిని వదిలేస్తాయి. దవడ పక్కన చీర అంచుగానీ, తలుపు చట్రం గానీ వంగి ఉందంటే అక్కడ మొహాన్ని లోపలికి లాగారని అర్థం.

తర్వాత Healing. ఆ వారం వచ్చిన మొటిమల మీద ఒక్కో తట్టు చాలు. దీనికి మాత్రమే ఫోటోని పెద్దది చేసి చూడు, అయిపోగానే మామూలు సైజుకి వచ్చెయ్. రెండు వేళ్లతో లాగి పెద్దది చేసి చూస్తే ఎవరి చర్మమైనా చంద్రుడి నేలలాగే ఉంటుంది. మూడంగుళాల దూరం నుంచి నిన్ను చూసే మనిషి లేడు.

ఇక నునుపు మీట, Skin Smoothing. దీన్ని ఎంత పెట్టాలన్నది అంకె కంటే పద్ధతితో తేలుతుంది. కంటి కింద, చెంప పైభాగంలో ఒక చోటు ఎంచుకుని అక్కడే చూస్తూ సున్నా నుంచి మెల్లగా పైకి జరుపు. చర్మపు సన్న గరుకు పోయి మైనంలా అవుతున్నట్టు మొదట అనిపించిన చోట ఆగు. ఆ అంకెలో సగానికి తిరిగి రా. నలభై దగ్గర మైనం మొదలైతే ఇరవై పెట్టు. ఇన్నేళ్లలో నా చేతిలో ఇది నూటికి పది, ఇరవై మధ్యే ఆగేది. ఒక్క జాగ్రత్త. నీ కన్ను ఇప్పుడు అలికిన చర్మానికి అలవాటుపడింది కాబట్టి నీకు మైనం ఆలస్యంగా కనిపిస్తుంది. పైనుంచి కిందికి మాత్రం జరుపుకుంటూ రాకు, ఎనభై చూశాక అరవై కూడా సహజంగానే అనిపిస్తుంది. మొహాన్ని సన్నం చేసేవి, కళ్లు పెంచేవి, రంగు తేర్చేవి ఏ యాప్‌లో ఉన్నా ముట్టుకోకు. వాటికి సరైన పాళ్లంటూ ఏదీ లేదు.

మొత్తం పది నిమిషాల్లో ముగించు. ఎక్కువసేపు కూర్చుంటే కన్ను అలవాటుపడి ఇంకాస్త, ఇంకాస్త అంటుంది. అందుకే మేం స్టూడియోలో రాత్రి చేసినవి పొద్దున చూడకుండా ప్రింట్‌కి పంపేవాళ్లం కాదు. మర్నాడు మూడు రకాలు పక్కపక్కన పెట్టు. ఎడిట్ చేయనిది, నునుపు సగం పెట్టినది, పూర్తిగా పెట్టినది. ఏది ఏదో చెప్పకుండా మీ అమ్మకో, రోజూ చూసే స్నేహితురాలికో చూపించు. "ఏది బాగుంది" అని అడగకు, "ఏది నాలా ఉంది" అని అడుగు. మొదటి ప్రశ్నకి మనవాళ్లు తెల్లగా ఉన్నదే చూపిస్తారు, రెండోదానికి మాత్రం నిజం చెప్తారు. ఎంచుకున్న ఫోటోతో పాటు, ఎడిట్ చేయని మామూలు ఫోటో ఒకటి, నవ్వుతూనో నలుగురిలోనో ఉన్నది, బయోడేటాతో జతచెయ్. వచ్చేవాళ్లు నిన్నే చూడ్డానికి వస్తారు.

మిగతా రోజుల మాట. ఒక నెల పాటు ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపి ఉంచు, ఆఫీసు మీటింగుల్లో Zoom వాడితే "Touch up my appearance" కూడా తీసెయ్. ఫోటో దిగుతున్నప్పుడే తెర మీద పనిచేసే ఫిల్టరు, దిగాక చేసుకునే ఎడిటింగ్ కంటే చెడ్డది. దాంట్లో అసలు ఫోటో అనేదే మిగలదు, నీ అసలు మొహం నీ ఫోన్‌లోనే లేకుండా పోతుంది. మొదటి కొన్ని రోజులు చూసుకోవడం కష్టంగానే ఉంటుంది. జరిగిన కొలబద్ద వెనక్కి జరగాలంటే అసలు మొహాన్ని మళ్లీ చూస్తూ ఉండాలి, వేరే దారి లేదు. అలాగని గంటల తరబడి అద్దం ముందు నిలబడకు.

ఒకటి మాత్రం గమనించుకో. రోజులో చాలాసేపు ఆ ముక్కు గురించే ఆలోచన తిరుగుతుంటే, మొహం కనిపిస్తుందని బయటికెళ్లడం, పెళ్ళిళ్లకి వెళ్లడం మానేస్తుంటే, ఫిల్టర్ ఫోటో చూపించి ఆపరేషన్ చేయించుకోవాలనిపిస్తుంటే అది నేను చెప్పే ఫోటో చిట్కాలతో తగ్గేది కాదు. దానికి పేరుంది, చికిత్స ఉంది, సైకియాట్రిస్టు చూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే, డబ్బేమీ కట్టకుండా మాట్లాడొచ్చు. నీ ఉత్తరంలో నాకలా ఏమీ కనిపించలేదు, అయినా నీ సంగతి నీకే బాగా తెలుస్తుంది.

చివరగా, ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు తగ్గించి, నువ్వు జాగ్రత్తగా ఉంచిన చర్మపు సన్న గరుకుని కూడా కొంత అలికేస్తుంది. ఆపైన పెళ్ళిళ్ల పేరయ్య ఇంకొకరికి, వాళ్లు మరొకరికి పంపితే ఇంకా పోతుంది. HD నొక్కి పంపు, లేదా Document కింద జతచెయ్. పాత ఫోటో ఎవరెవరికి వెళ్లిందో అమ్మనడిగి వాళ్లందరికీ కొత్తది పంపించు.

మీ అక్క